ట్రెపిజాయిడల్ రూల్, సింప్సన్ రూల్: ఎర్రర్ విషయంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు ఫార్ములాలు డిప్లొమా విద్యార్థులకు నోటికి వస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. ఒకే లెక్కకి రెండు జవాబులు ఎందుకు వచ్చాయి, దేన్ని నమ్మాలి, ఎర్రర్ ఎంత ఉంటుంది అన్న సందేహాలు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తూనే ఉంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఫార్ములా పెట్టే ముందు

ఇంటిగ్రేషన్ చేయడం వచ్చు కదా, మళ్లీ ఈ ఉజ్జాయింపు పద్ధతులు ఎందుకు?

రెండు సందర్భాల్లో మామూలు ఇంటిగ్రేషన్ పనికిరాదు. ఒకటి, e^(−x²) లాంటి ఫంక్షన్‌కి మనకు తెలిసిన ఫంక్షన్లతో ఇంటిగ్రల్ రాయడం కుదరదు. రెండోది, అసలు ఫంక్షనే ఉండదు. కాలువ అడ్డుకోతలో పది మీటర్లకొకసారి కొలిచిన లోతులే చేతిలో ఉంటాయి. విస్తీర్ణం మాత్రం కావాలి.

రెండు రూల్స్‌కీ అసలు తేడా ఏంటి?

పక్కపక్కన ఉన్న రెండు బిందువులను సరళరేఖతో కలిపితే కింద సమలంబ చతుర్భుజం వస్తుంది. అలాంటి వాటి వైశాల్యాలు కూడితే ట్రెపిజాయిడల్ రూల్. మూడు బిందువుల మీదుగా ఒక పరావలయం గీసి, దాని కింది వైశాల్యం తీసుకుంటే సింప్సన్ 1/3 రూల్.

h = (b − a)/n అనుకుంటే,

T = (h/2)[y₀ + yₙ + 2(y₁ + y₂ + … + yₙ₋₁)]

S = (h/3)[y₀ + yₙ + 4(y₁ + y₃ + …) + 2(y₂ + y₄ + …)]

గీత ఎక్కడ వంగినా సరళరేఖ దాన్ని పట్టుకోలేదు. పరావలయం కొంత వంపు పట్టుకుంటుంది. ఎర్రర్‌లో తేడా అంతా అక్కడే పుడుతుంది.

n అంటే స్ట్రిప్పుల సంఖ్యా, ఆర్డినేట్ల సంఖ్యా?

స్ట్రిప్పుల సంఖ్య. ఆర్డినేట్లు ఎప్పుడూ ఒకటి ఎక్కువ, అంటే n + 1. ప్రశ్నలో "ఐదు ఆర్డినేట్లు తీసుకుని" అని ఉంటే n = 4, "ఐదు సమ భాగాలుగా" అని ఉంటే n = 5. ఈ ఒక్క మాట చూసుకోకపోతే h మారిపోయి లెక్కంతా పోతుంది.

సింప్సన్ 1/3 రూల్‌కి n సరిసంఖ్యే ఎందుకు ఉండాలి? బేసి సంఖ్య వస్తే ఏం చేయాలి?

ఒక పరావలయం గీయడానికి మూడు బిందువులు, అంటే రెండు స్ట్రిప్పులు కావాలి. స్ట్రిప్పులు జంటలుగా వెళ్తాయి కాబట్టి మొత్తం సరిసంఖ్య కావాలి.

ఫంక్షన్ ఇచ్చి n మన ఇష్టానికి వదిలేస్తే సమస్యే లేదు, సరిసంఖ్య ఎంచుకోవడమే. ఇబ్బంది అంతా టేబుల్ ఇచ్చి అందులో స్ట్రిప్పులు బేసిగా ఉన్నప్పుడు. సర్వేయింగ్‌లో సాధారణంగా చివరి స్ట్రిప్పును విడిగా ట్రెపిజాయిడల్‌తో లెక్కకట్టి, మిగతాదానికి సింప్సన్ వాడి, రెండూ కూడతారు. ఇది చెల్లుతుంది కానీ ఆ ఒక్క స్ట్రిప్పులోని ఎర్రర్ మిగతా అన్నిటి ఎర్రర్‌నూ మింగేయవచ్చు. చివరి మూడు స్ట్రిప్పులకు సింప్సన్ 3/8 రూల్, మిగతావాటికి 1/3 రూల్ వాడడం మెరుగు. స్ట్రిప్పులు బేసి అయినప్పుడు మూడు తీసేస్తే మిగిలేది సరిసంఖ్యే కదా.

## లెక్క వేసేటప్పుడు

ఒకే లెక్క రెండు పద్ధతుల్లోనూ చేసి చూపిస్తారా?

0 నుంచి 1 వరకు 1/(1+x) ఇంటిగ్రల్ తీసుకుందాం. n = 4, కాబట్టి h = 0.25. అసలు జవాబు ln 2 = 0.693147 అని మనకు ముందే తెలుసు. అందుకే పోల్చడానికి ఇది మంచి లెక్క.

| x | 0 | 0.25 | 0.5 | 0.75 | 1 |
|---|---|---|---|---|---|
| y | 1 | 0.8 | 0.666667 | 0.571429 | 0.5 |

ట్రెపిజాయిడల్:
T = (0.25/2)[1 + 0.5 + 2(0.8 + 0.666667 + 0.571429)] = 0.125 × 5.576190 = 0.697024

సింప్సన్:
S = (0.25/3)[1 + 0.5 + 4(0.8 + 0.571429) + 2(0.666667)] = 8.319048/12 = 0.693254

ట్రెపిజాయిడల్ 0.003877 ఎక్కువ చూపించింది, సింప్సన్ 0.000107 ఎక్కువ చూపించింది. వాడిన ఐదు విలువలూ అవే, కూడిన శ్రమా ఒకటే. తేడా అంతా గుణకాల్లో ఉంది. ఎర్రర్ మాత్రం సుమారు 36 రెట్లు తగ్గింది.

4 ఎక్కడ పెట్టాలి, 2 ఎక్కడ పెట్టాలి అని తికమక పడుతున్నాను. చెక్ చేసుకునే దారి ఉందా?

ఉంది. బ్రాకెట్ లోపలి గుణకాలన్నీ కూడండి. సింప్సన్ 1/3లో మొత్తం 3n రావాలి, ట్రెపిజాయిడల్‌లో 2n రావాలి. n = 4 అయితే సింప్సన్ గుణకాలు 1, 4, 2, 4, 1. మొత్తం 12, అంటే 3 × 4. ఇంకేదైనా వచ్చిందంటే ఎక్కడో 2 బదులు 4 పడింది, లేదా ఒక ఆర్డినేట్ జారిపోయింది. y = 1 అనే ఫంక్షన్‌కి జవాబు కచ్చితంగా b − a రావాలి కాబట్టే ఈ మొత్తాలు ఇలా ఉంటాయి.

sin x లెక్కలో జవాబు మరీ చిన్నగా వస్తోంది, ఎందుకు?

కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉంది. 0 నుంచి π/2 వరకు sin x ఇంటిగ్రల్ 1 రావాలి. డిగ్రీ మోడ్‌లో వేస్తే 0.02 దగ్గర వస్తుంది. రేడియన్ మోడ్‌కి మార్చి మళ్లీ వేయండి.

## ఎర్రర్ దగ్గర

ఎర్రర్ ఫార్ములాలో f'' , f'''' ఎందుకు వస్తాయి? వాటిని ఎలా వాడాలి?

ట్రెపిజాయిడల్‌కి: |E| ≤ (b − a)h²/12 × (f'' గరిష్ఠ పరిమాణం)

సింప్సన్ 1/3కి: |E| ≤ (b − a)h⁴/180 × (f'''' గరిష్ఠ పరిమాణం)

సరళరేఖకి f'' సున్నా. కాబట్టి ట్రెపిజాయిడల్ తప్పేది గీత వంగిన మేరకే, ఆ వంపును కొలిచేది f''. సింప్సన్ విషయంలో మూడో ఘాతం దాకా తప్పు రాదు కాబట్టి ఎర్రర్ నాలుగో డెరివేటివ్ దగ్గర మొదలవుతుంది.

0 నుంచి 1 వరకు 1/(1+x), h = 0.25 తీసుకుంటే f'' = 2/(1+x)³. దీని గరిష్ఠం x = 0 దగ్గర 2. అప్పుడు ట్రెపిజాయిడల్ హద్దు 0.0625 × 2/12 = 0.0104. f'''' = 24/(1+x)⁵, గరిష్ఠం 24. సింప్సన్ హద్దు 0.00390625 × 24/180 = 0.00052.

గరిష్ఠం ఎప్పుడూ ఎడమ చివరే ఉంటుందని అనుకోవద్దు. ఈ ఫంక్షన్‌లో డెరివేటివ్‌లు తగ్గుతూ పోతాయి కాబట్టి ఎడమ చివర దొరికింది. e^x అయితే కుడి చివర దొరుకుతుంది.

ఫార్ములా 0.0104 అంటోంది, అసలు ఎర్రర్ 0.0039 వచ్చింది. నా లెక్క తప్పా?

తప్పు కాదు. ఫార్ములా ఇచ్చేది ఎర్రర్ కాదు, ఎర్రర్ దాటని హద్దు. 1/(1+x) లెక్కలో f'' 0 దగ్గర 2 ఉండి, 1 దగ్గరికి వచ్చేసరికి 0.25కి పడిపోతుంది. మనం మాత్రం అంతటా 2 ఉన్నట్టే లెక్కేశాం. 0.25 పెట్టి చూస్తే n = 4కి 0.0013 వస్తుంది. అసలు ఎర్రర్ 0.0039 ఈ రెండిటి మధ్యలో ఉంది, ఉండాలి కూడా. అసలు ఎర్రర్ హద్దును దాటితేనే లెక్క మళ్లీ చూడాలి.

ట్రెపిజాయిడల్ జవాబు ఎక్కువ వస్తుందా తక్కువ వస్తుందా, ముందే చెప్పగలమా?

చెప్పగలం. అవధిలో అంతటా f'' ధనాత్మకమైతే గీత కిందికి సాగి ఉంటుంది, రెండు చివరలనూ కలిపే సరళరేఖ దానికి పైన పడుతుంది. అందుకే జవాబు ఎక్కువ వస్తుంది. 1/(1+x), e^x ఈ రకం. f'' రుణాత్మకమైతే, ఉదాహరణకి 0 నుంచి π వరకు sin x, జవాబు తక్కువ వస్తుంది. మధ్యలో f'' గుర్తు మారితే ఏమీ చెప్పలేం. ఎక్కువ తక్కువలు కొంత కొట్టుకుపోతాయి.

h సగం చేస్తే ఎర్రర్ కూడా సగం అవుతుందా?

అంతకన్నా చాలా తగ్గుతుంది. ట్రెపిజాయిడల్ ఎర్రర్ h² మీద ఆధారపడుతుంది కాబట్టి సుమారు నాలుగో వంతు అవుతుంది. సింప్సన్ ఎర్రర్ h⁴ మీద ఆధారపడుతుంది కాబట్టి సుమారు పదహారో వంతు అవుతుంది. 0 నుంచి 1 వరకు 1/(1+x)కి వేసి చూస్తే ఇలా వస్తుంది:

| n | ట్రెపిజాయిడల్ | ఎర్రర్ | సింప్సన్ | ఎర్రర్ |
|---|---|---|---|---|
| 4 | 0.697024 | 0.003877 | 0.693254 | 0.000107 |
| 8 | 0.694122 | 0.000975 | 0.693155 | 0.0000073 |

ట్రెపిజాయిడల్‌లో నిష్పత్తి 3.98, దాదాపు 4. సింప్సన్‌లో 14.5. 16 కచ్చితంగా రాలేదని కంగారు అక్కర్లేదు, h ఇంకా చిన్నదయ్యేకొద్దీ 16కి దగ్గరవుతుంది. నిష్పత్తి 2, 3 దగ్గర ఆగిపోతే మాత్రం రెండు కారణాలుండవచ్చు: లెక్కలో తప్పు, లేదా ఆ ఫంక్షన్‌లోనే ఏదో చివర డెరివేటివ్ అనంతమవడం.

ఎర్రర్ 0.0001 దాటకూడదు అంటే ఎన్ని స్ట్రిప్పులు కావాలి?

హద్దు ఫార్ములాలో h = (b − a)/n పెట్టి n కోసం సాధించాలి. 0 నుంచి 1 వరకు 1/(1+x) తీసుకుందాం.

ట్రెపిజాయిడల్: 2/(12n²) ≤ 0.0001, అంటే n² ≥ 1666.7. n = 41 కావాలి.

సింప్సన్: 24/(180n⁴) ≤ 0.0001, అంటే n⁴ ≥ 1333.3. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 6⁴ = 1296, కొద్దిలో తప్పిపోయింది. 7 సరిపోతుంది కానీ అది బేసి. కాబట్టి n = 8. చాలామంది 6.04 అని తెచ్చి, 6 అని రాసేసి మార్కు పోగొట్టుకుంటారు. నిజానికి n = 6తో వేసినా అసలు ఎర్రర్ 0.00002 దగ్గరే వస్తుంది. కానీ ప్రశ్న అడిగింది హామీ, ఆ హామీ ఈ ఫార్ములాతో 8 దగ్గరే దొరుకుతుంది.

41కి 8కి మధ్య తేడా చూడండి. చేత్తో వేసేవాడికి సింప్సన్ ఎందుకు ఇష్టమో అర్థమవుతుంది.

పరావలయమే కదా గీసింది, మరి x³కి కూడా సింప్సన్ కచ్చితమైన జవాబు ఎలా ఇస్తుంది?

వేసి చూద్దాం. 0 నుంచి 2 వరకు x³, h = 1. సింప్సన్: (1/3)[0 + 4(1) + 8] = 4. అసలు జవాబు కూడా 4. ట్రెపిజాయిడల్ మాత్రం (1/2)[0 + 2(1) + 8] = 5 ఇస్తుంది.

కారణం సౌష్ఠవం. ఆ మూడు బిందువుల మీదుగా పోయే పరావలయానికీ x³కీ మధ్య తేడా x(x − 1)(x − 2). 0 నుంచి 1 వరకు ఇది ధనాత్మకం, 1 నుంచి 2 వరకు అంతే పరిమాణంలో రుణాత్మకం. గీత మొదటి స్ట్రిప్పులో పరావలయానికి ఎంత పైన ఉందో, రెండో స్ట్రిప్పులో అంత కింద ఉంది. రెండు వైశాల్యాలూ కొట్టేసుకుంటాయి. సింప్సన్‌కి దక్కిన ఈ అదనపు ఘాతం ఉచితంగా వచ్చిందే.

అసలు జవాబే తెలియకపోతే ఎర్రర్ ఎంతో ఎలా తెలుస్తుంది?

ఒకసారి h తో, ఇంకోసారి h/2 తో వేయండి. ట్రెపిజాయిడల్ అయితే రెండు జవాబుల తేడాను 3తో, సింప్సన్ అయితే 15తో భాగించండి. రెండో జవాబులో ఉన్న ఎర్రర్ సుమారుగా అంతే.

0 నుంచి 1 వరకు 1/(1+x)కి ట్రెపిజాయిడల్ n = 4తో 0.697024, n = 8తో 0.694122 ఇస్తుంది. తేడా 0.002902, మూడో వంతు 0.000967. అసలు ఎర్రర్ 0.000975. ln 2 విలువ ముట్టుకోకుండానే ఇంత దగ్గరగా చెప్పగలిగాం.

3 ఎక్కడిదంటే, h సగమైతే ఎర్రర్ నాలుగు భాగాల్లో మూడు పోయి ఒకటి మిగులుతుంది. మనకు కనబడే తేడా ఆ పోయిన మూడు భాగాలు. సింప్సన్‌లో పదహారులో పదిహేను పోతాయి. డెరివేటివ్ తీయడం కష్టమైన ఫంక్షన్లకి నా దృష్టిలో హద్దు ఫార్ములా కన్నా ఇదే పనికొచ్చే పద్ధతి.

1/(1+x²) లెక్కలో సింప్సన్ అంత గొప్పగా ఎలా వచ్చింది?

0 నుంచి 1 వరకు, n = 4తో ట్రెపిజాయిడల్ 0.782794, సింప్సన్ 0.785392. అసలు విలువ π/4 = 0.785398. సింప్సన్ ఎర్రర్ కేవలం 0.000006.

ఇది ఈ లెక్కకి కలిసొచ్చిన అదృష్టం. సింప్సన్ ఎర్రర్‌లో ముఖ్య భాగం రెండు చివరల్లోని f''' విలువల తేడా మీద ఆధారపడుతుంది. ఈ ఫంక్షన్‌కి f''' x = 0 దగ్గరా సున్నాయే, x = 1 దగ్గరా సున్నాయే. ముఖ్య భాగం ఎగిరిపోయింది. π విలువ తెప్పించే ఈ లెక్క పరీక్షల్లో ఎక్కువగా కనబడుతుంది కాబట్టి సింప్సన్ ఎప్పుడూ ఇంతే దగ్గరగా వస్తుందన్న అభిప్రాయం పడిపోతుంది. అవధిని 0 నుంచి 2 చేస్తే ఆ అదృష్టం ఉండదు.

## ఎక్కడ ఏది నమ్మాలి

సింప్సన్ ఎప్పుడూ ట్రెపిజాయిడల్ కన్నా మంచిదేనా?

కాదు. ఎలక్ట్రికల్ వాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. సైన్ వేవ్ ఆర్‌ఎంఎస్ విలువ కోసం 0 నుంచి 2π వరకు sin²x ఇంటిగ్రల్ కావాలి. అసలు జవాబు π. n = 4 తీసుకుంటే h = π/2, ఆర్డినేట్లు 0, 1, 0, 1, 0.

ట్రెపిజాయిడల్: (π/4)[0 + 0 + 2(1 + 0 + 1)] = π. కచ్చితంగా సరి.

సింప్సన్: (π/6)[0 + 0 + 4(1 + 1) + 2(0)] = 4π/3. మూడో వంతు ఎక్కువ.

దీన్నుంచి ఆర్‌ఎంఎస్ తీస్తే పీక్ విలువకి 0.7071 రెట్లు రావాల్సింది 0.8165 రెట్లు వస్తుంది. జరిగిందేమిటంటే, 1 ఉన్న ఆర్డినేట్లన్నీ 4 గుణకం కింద పడ్డాయి, సున్నాలు 2 కింద పడ్డాయి. ఒక పూర్తి ఆవర్తనం మీద ఏ బిందువుకీ ప్రత్యేకత లేదు, అన్నిటికీ సమాన బరువు ఇవ్వడమే న్యాయం. ట్రెపిజాయిడల్ చేసేది అదే. n = 8 తీసుకుంటే సింప్సన్ కూడా π ఇస్తుంది. అయినా నునుపైన ఆవర్తన ఫంక్షన్‌ని పూర్తి ఆవర్తనం మీద ఇంటిగ్రేట్ చేసేటప్పుడు ట్రెపిజాయిడల్ చాలు.

√x లెక్కలో స్ట్రిప్పులు పెంచినా సింప్సన్ ఎర్రర్ సరిగ్గా తగ్గడం లేదు, ఎందుకు?

√x గీత x = 0 దగ్గర నిట్టనిలువుగా లేస్తుంది. అక్కడ డెరివేటివ్‌లన్నీ అనంతం. హద్దు ఫార్ములాలో f'''' గరిష్ఠమే లేదు కాబట్టి h⁴ హామీ వర్తించదు.

0 నుంచి 1 వరకు అసలు జవాబు 0.666667. సింప్సన్ n = 4తో 0.656526, n = 8తో 0.663079 ఇస్తుంది. ఎర్రర్ 0.01014 నుంచి 0.00359కి వచ్చింది, అంటే 2.8 రెట్లే తగ్గింది. ట్రెపిజాయిడల్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. సింప్సన్ ఎర్రర్ ట్రెపిజాయిడల్‌లో సగం కన్నా తక్కువే కానీ దాని అసలు బలం ఇక్కడ లేదు. x = t² అని ప్రతిక్షేపిస్తే లోపలి ఫంక్షన్ 2t² అవుతుంది, అప్పుడు సింప్సన్ రెండే స్ట్రిప్పులతో కచ్చితమైన జవాబు ఇస్తుంది.

3/8 రూల్ పెద్దది కదా, 1/3 కన్నా కచ్చితంగా వస్తుందా?

ఒకే h కి రాదు. 3/8 రూల్ ఎర్రర్ హద్దులో 180 బదులు 80 ఉంటుంది, అంటే సుమారు 2.25 రెట్లు ఎక్కువ ఎర్రర్. 0 నుంచి 1 వరకు 1/(1+x), n = 6తో వేస్తే 1/3 రూల్ 0.693170, 3/8 రూల్ 0.693195. అసలు విలువ 0.693147. స్ట్రిప్పులు మూడేసిగా మిగిలిపోయినప్పుడు వాడుకోవడానికే 3/8 పనికొస్తుంది.

కాలువ లోతుల టేబుల్ ఇచ్చారు, ఫంక్షన్ లేదు. ఎర్రర్ గురించి ఏం రాయాలి?

60 మీటర్ల వెడల్పున్న అడ్డుకోతలో 10 మీటర్లకొకసారి లోతులు మీటర్లలో 0, 2.1, 3.6, 4.4, 3.9, 2.3, 0 అనుకుందాం.

ట్రెపిజాయిడల్: 10 × (2.1 + 3.6 + 4.4 + 3.9 + 2.3) = 163 చ.మీ.

సింప్సన్: (10/3)[4(2.1 + 4.4 + 2.3) + 2(3.6 + 3.9)] = 167.3 చ.మీ.

అడుగు భాగం కిందికి ఉబ్బి ఉంది. ట్రెపిజాయిడల్ గీసే సరళరేఖలు ఆ ఉబ్బును కోసేస్తాయి, అందుకే తక్కువ చూపిస్తోంది. అడుగు నునుపుగా ఉంటే 167.3 వైపే మొగ్గాలి.

కానీ ఇంకో ఎర్రర్ కూడా ఉంది. ప్రతి లోతు కొలతలో 5 సెంటీమీటర్లు అటూఇటూ ఉంటే, మధ్యలోని ఐదు కొలతలూ ఒకే వైపు తప్పితే ట్రెపిజాయిడల్ జవాబు 10 × 5 × 0.05 = 2.5 చ.మీ. మారుతుంది. సింప్సన్ కూడా (10/3)(12 + 4)(0.05), అంటే 2.7 చ.మీ. మారుతుంది. కాబట్టి 167.33 అని దశాంశాలు రాయడంలో అర్థం లేదు, 167 అని రాస్తే చాలు. అడుగులో రాళ్లు, గుంతలు ఉండి లోతులు ఎగుడుదిగుడుగా ఉంటే పరావలయం ఊహ కూడా నిలవదు. అప్పుడు ట్రెపిజాయిడల్‌తో సరిపెట్టుకుని, వీలైతే 5 మీటర్లకొకసారి మళ్లీ కొలవడమే దారి.